క్షేత్ర రోవరులో దిక్సూచి దోషాలు: మోటారు, తీగల ప్రభావ నివారణ – మాగ్నెటోమీటరు క్రమాంకనం

పత్తి వంటి వరుస పంటలలో అంతరకృషికి ఉపయోగించే విద్యుత్ రోవరు తాను ఏ దిక్కుకు తిరిగి ఉన్నదో మాగ్నెటోమీటరు ద్వారా తెలుసుకుంటుంది. తాను ఎక్కడ ఉన్నదో ఆర్‌టీకే జీపీఎస్ రెండు, మూడు సెంటీమీటర్ల ఖచ్చితత్వంతో చెప్పినప్పటికీ, దిక్కు తప్పుగా తెలిస్తే రోవరు వరుసకు పక్కగా జరిగి నడుస్తుంది. మాగ్నెటోమీటరును క్రమాంకనం, అంటే క్యాలిబ్రేషన్, చేసిన తరువాత కూడా ఈ దోషం పొలంలో తిరిగి కనిపించడం తరచుగా జరుగుతుంది. దీనికి కారణం క్రమాంకన విధానంలో కాక, చాలా సందర్భాలలో మోటార్లకు విద్యుత్తును అందించే తీగల అమరికలో ఉంటుంది. ఈ దోషాన్ని గుర్తించే పద్ధతిని, నివారణ చర్యలు చేపట్టవలసిన క్రమాన్ని ఈ వ్యాసం ఒక ఉదాహరణ లెక్కతో వివరిస్తుంది.

దిశాదోషం పంట వరుసపై చూపే ప్రభావం

రోవరు నియంత్రణ వ్యవస్థ సాధారణంగా వరుస మీద కొంత దూరం ముందున్న ఒక బిందువును లక్ష్యంగా తీసుకొని చక్రాలను తిప్పుతుంది. ఈ ముందుచూపు దూరం 1.5 మీటర్లు అనుకుందాం. దిక్సూచి δ డిగ్రీల దోషంతో చూపితే, రోవరు వరుసకు సమాంతరంగానే నడుస్తుంది, కాని 1.5 × sin δ మీటర్ల దూరం పక్కకు జరిగి నడుస్తుంది. దోషం 3 డిగ్రీలైతే ఈ జరుగుబాటు 8 సెం.మీ., 5.7 డిగ్రీలైతే 15 సెం.మీ., 8.9 డిగ్రీలైతే 23 సెం.మీ. అవుతుంది.

వరుసల మధ్య 90 సెం.మీ. దూరం ఉన్న పత్తిలో 60 సెం.మీ. వెడల్పు గల గుంటక నడిపితే మొక్కకు, గుంటక అంచుకు మధ్య ఇరువైపులా 15 సెం.మీ. మాత్రమే మిగులుతుంది. అంటే 5.7 డిగ్రీల దోషం వద్ద గుంటక మొక్క మొదలును తాకుతుంది. అంతకు మించితే కలుపుతో పాటు పైరు కూడా తెగుతుంది.

దోషం పరిమాణం దేనిపై ఆధారపడుతుందో తెలుసుకోవడానికి భూ అయస్కాంత క్షేత్రాన్ని గమనించాలి. దిక్కును నిర్ణయించేది ఆ క్షేత్రంలోని క్షితిజ సమాంతర అంశం మాత్రమే. తెలుగు ప్రాంతాలలో ఇది సుమారు 40 మైక్రోటెస్లా. రోవరు నుండి పుట్టిన అన్య క్షేత్రం దీనికి లంబంగా b మైక్రోటెస్లా ఉంటే, దిశాదోషం సుమారుగా b/40 రేడియన్లు. అంటే ప్రతి 0.7 మైక్రోటెస్లా ఒక డిగ్రీ దోషాన్ని కలిగిస్తుంది. ఉత్తర ఐరోపాలో క్షితిజ సమాంతర అంశం 15 నుండి 20 మైక్రోటెస్లా మాత్రమే కనుక అదే తీగ అక్కడ రెండింతలకు పైగా దోషం కలిగిస్తుంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వల్ల మన ప్రాంతంలో దిక్సూచి కొంత మేలైన స్థితిలో పనిచేస్తుంది.

మూడు రకాల దోషాలు, వాటిని వేరుచేసే పరీక్ష

దిశాదోషాలను వాటి ప్రవర్తనను బట్టి మూడు రకాలుగా విభజించవచ్చు. మొదటిది రోవరు ఎటు తిరిగినా మారని దోషం. సెన్సారును రోవరు అక్షానికి కొంత వంకరగా బిగించడం వల్ల, లేదా స్థానిక దిక్పాతం విలువను తప్పుగా ఇవ్వడం వల్ల ఇది వస్తుంది. రెండవది రోవరు తిరిగే దిక్కును బట్టి మారే దోషం. చట్రంలోని శాశ్వత అయస్కాంతత్వం, మోటార్లలోని అయస్కాంతాలు ఒక చుట్టులో ఒకసారి ధన దిశకు, ఒకసారి ఋణ దిశకు మారే దోషాన్ని కలిగిస్తాయి. భూ క్షేత్రం వల్ల మెత్తని ఇనుములో ప్రేరేపితమయ్యే అయస్కాంతత్వం ఒక చుట్టులో రెండుసార్లు అలా మారే దోషాన్ని కలిగిస్తుంది. మూడవది మోటారు విద్యుత్ ప్రవాహంతో పెరిగి తగ్గే దోషం. ఇది కూడా రెండవ దానివలెనే దిక్కును బట్టి మారుతుంది. కాని మోటారు ఆగగానే మాయమవుతుంది. అందువల్ల మోటార్లు ఆపి చేసిన క్రమాంకనం దీనిని గుర్తించలేదు.

వీటిని వేరుచేయడానికి రోవరును ఎనిమిది దిక్కులలో, ఒక్కొక్క దిక్కున 20 మీటర్లు, రిమోట్‌తో తిన్నగా నడపాలి. గుంటక నేలలో దిగి ఉండాలి. అప్పుడే పనిలో ఉండే అసలు విద్యుత్ ప్రవాహం తీగలలో పారుతుంది. రోవరు పక్కకు జారకుండా తిన్నగా కదులుతున్నప్పుడు జీపీఎస్ చూపే గమన దిశే నిజమైన దిక్కు. దిక్సూచి రీడింగు నుండి దానిని తీసివేస్తే దోషం లభిస్తుంది. ఆ తరువాత మోటార్లు ఆపి, అవే ఎనిమిది గీతల మీద రోవరును నిలబెట్టి మరొకసారి రీడింగు తీసుకోవాలి.

ఉదాహరణకు ఒక రోవరులో మోటార్లు ఆగి ఉన్నప్పుడు ఎనిమిది దిక్కులలోనూ దోషం +2.0 డిగ్రీలు వచ్చిందనుకుందాం. 10 ఆంపియర్ల ప్రవాహంతో నడిచినప్పుడు కింది విలువలు వచ్చాయనుకుందాం.

| దిక్కు | దోషం (డిగ్రీలు) |
|---|---|
| ఉత్తరం | −3.7 |
| ఈశాన్యం | −2.0 |
| తూర్పు | +2.0 |
| ఆగ్నేయం | +6.0 |
| దక్షిణం | +7.7 |
| నైరృతి | +6.0 |
| పడమర | +2.0 |
| వాయవ్యం | −2.0 |

ఈ విలువలను చూసిన వెంటనే ఏమీ బోధపడదు. కాని e దోషంగా, h నిజ దిక్కుగా తీసుకొని మూడు సగటులను కడితే విషయం విడిపోతుంది.

```
A = mean(e)
B = 2 * mean(e * sin(h))
C = 2 * mean(e * cos(h))
```

పై పట్టికకు A = +2.0, B = 0, C = −5.7 వస్తాయి. A అనేది బిగింపులోని వంకర. ఆగి ఉన్నప్పుడు కనిపించినది కూడా ఇదే. C అనేది రోవరు కుడి–ఎడమ అక్షం వెంబడి పుట్టిన అన్య క్షేత్రం. 5.7 డిగ్రీలంటే 4 మైక్రోటెస్లా. ఆగి ఉన్నప్పుడు ఇది లేదు కనుక దీని మూలం విద్యుత్ ప్రవాహమే. ముందు–వెనుక అక్షం వెంబడి అన్య క్షేత్రం ఉంటే అది B రూపంలో కనిపించేది. B రకం దోషం ఉత్తర–దక్షిణ వరుసలలో సున్నాగా ఉండి, తూర్పు–పడమర వరుసలలో గరిష్ఠంగా ఉంటుంది. కనుక ఒకే దిశలో ఉన్న వరుసలపై పరీక్షించి రోవరు సరిగా ఉన్నదని నిర్ధారించడం సరికాదు.

పరికరాలు లేకుండా కూడా పొలంలో ఒక ఆనవాలు దొరుకుతుంది. ఉత్తర–దక్షిణ వరుసలలో పోతూ, వస్తూ నడిచిన రోవరు రెండుసార్లూ తూర్పు వైపుకే, లేదా రెండుసార్లూ పడమర వైపుకే జరిగితే అది C రకం దోషం. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తన ఎడమ వైపుకే, లేదా తన కుడి వైపుకే జరిగితే అది A రకం దోషం. జరుగుబాటు ఒకే సాలులో తడి నేల వద్ద పెరిగి, పొడి నేల వద్ద తగ్గుతుంటే చక్రాల జారుడు అని భావించడం సహజం. కాని బరువైన నేలలో మోటారు ఎక్కువ ప్రవాహాన్ని తీసుకుంటుంది కనుక దిశాదోషం కూడా అదే విధంగా మారుతుంది. గమన రికార్డులో ప్రవాహాన్ని, దోషాన్ని పక్కపక్కన ఉంచి చూస్తే ఈ రెండింటిలో ఏది కారణమో తేలుతుంది.

విద్యుత్ ప్రవాహ పరీక్ష

మూలం విద్యుత్ ప్రవాహమని తేలిన తరువాత దాని పరిమాణాన్ని కొలవాలి. రోవరును చెక్క దిమ్మెలపై ఎత్తి, చక్రాలు నేలను తాకకుండా ఒకే దిక్కున నిలబెట్టాలి. ఇనుప స్టాండు, సిమెంటు శ్లాబు పనికిరావు. శ్లాబులోని ఇనుప కడ్డీలు రీడింగును మారుస్తాయి. చక్రాలు గాలిలో ఊరక తిరిగితే ప్రవాహం ఒకటి, రెండు ఆంపియర్లకు మించదు. కనుక చెక్క పలకను చక్రాలకు జాగ్రత్తగా ఒత్తి, భారం కలిగించి, ప్రవాహాన్ని దశలవారీగా పెంచాలి. ప్రతి దశలో మాగ్నెటోమీటరు X (ముందుకు), Y (కుడికి) ముడి రీడింగులను నమోదు చేయాలి.

పై ఉదాహరణ రోవరులో X రీడింగు దాదాపు మారలేదనీ, Y రీడింగు 5, 10, 15 ఆంపియర్ల వద్ద వరుసగా 2.1, 4.0, 6.2 మైక్రోటెస్లా పెరిగిందనీ అనుకుందాం. పెరుగుదల సరళరేఖలో ఉంది, ఆంపియరుకు 0.41 మైక్రోటెస్లా. సరళరేఖ రావడం ముఖ్యమైన ఆనవాలు. అది రాకపోతే సెన్సారు దగ్గర ఉన్న ఇనుప భాగం అయస్కాంతీకరణకు లోనవుతుండవచ్చు, లేదా ప్రవాహాన్ని కొలిచే సాధనం తప్పు చూపుతుండవచ్చు.

తీగల అమరిక

ఒంటరి తీగ చుట్టూ పుట్టే క్షేత్రం 0.2 × I / r మైక్రోటెస్లా. ఇందులో I ఆంపియర్లలో, r మీటర్లలో ఉంటాయి. ఉదాహరణ రోవరులో బ్యాటరీ ధన తీగ సెన్సారుకు సరిగ్గా 30 సెం.మీ. కింద, చట్రం పొడవునా పోతుంది. ఋణ తీగ అదే మట్టంలో 40 సెం.మీ. పక్కన, అవతలి కమ్మీ వెంట తిరిగి వస్తుంది. ధన తీగ వల్ల ఆంపియరుకు 0.67 మైక్రోటెస్లా కుడి–ఎడమ అక్షం మీద పుడుతుంది. ఋణ తీగ అందులో 0.24ను రద్దు చేస్తుంది. మిగిలేది 0.43. ఇది పరీక్షలో లభించిన 0.41కి చాలా దగ్గరగా ఉంది. కనుక దోషం మోటారులో కాక, తీగలు విడివిడిగా పోవడంలో ఉన్నదని తేలుతుంది.

రెండు తీగలను ఒకదానికొకటి ఆనించి, వాటి మధ్యరేఖల ఎడం 5 మి.మీ. ఉండేట్లు కట్టితే పరిస్థితి పూర్తిగా మారుతుంది. జంట తీగల క్షేత్రం 0.2 × I × d / r² కనుక, d = 0.005 మీ., r = 0.3 మీ. వద్ద ఆంపియరుకు 0.011 మైక్రోటెస్లా మాత్రమే వస్తుంది. ఖర్చు ఏమీ లేకుండా దోషం సుమారు నలభై వంతులకు తగ్గింది. తీగలను పెనవేస్తే ఇది ఇంకా తగ్గుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ట్రాక్టరులో వలె చట్రాన్నే ఋణ తీగగా వాడితే తిరుగు ప్రవాహం ఇనుములో ఏ దారిన పోతుందో నిర్ణయించలేము. తీగలను జతచేయడం కూడా సాధ్యం కాదు. రోవరులో ప్రతి మోటారుకూ బ్యాటరీ నుండి జంట తీగలనే తీసుకురావాలి.

తీగలు సర్దిన తరువాత పరీక్షను మళ్లీ చేసినప్పుడు ఆంపియరుకు 0.07 మైక్రోటెస్లా మిగిలిందనుకుందాం. ఇది మోటారు నియంత్రకం, మోటారు చుట్టల నుండి వచ్చే భాగం. ఇటువంటి చిన్న వనరుల క్షేత్రం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది; దూరం రెట్టింపైతే క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది. సెన్సారును 30 సెం.మీ. నుండి 60 సెం.మీ. ఎత్తుకు, అల్యూమినియం లేదా ఫైబరు గొట్టంపైకి మారిస్తే మిగిలిన ప్రభావం ఆంపియరుకు 0.02 మైక్రోటెస్లా లోపునకు దిగుతుంది. అప్పుడు 15 ఆంపియర్ల వద్ద కూడా దోషం అర డిగ్రీకి మించదు. గుంటక జరుగుబాటు ఒక సెంటీమీటరుకు కొద్దిగా ఎక్కువ. గొట్టం గట్టిగా బిగిసి ఉండాలి. అది మెలితిరిగితే A రకం దోషం కొత్తగా పుడుతుంది. సెన్సారు దగ్గర ఇత్తడి లేదా నైలాన్ మరలు వాడాలి. స్టీలు మర వాడవలసి వస్తే ముందుగా అయస్కాంతంతో పరీక్షించాలి.

ప్రవాహ సవరణ, దాని పరిమితులు

ఎత్తు పెంచడానికి వీలు లేనప్పుడు, పరీక్షలో లభించిన గుణకాలతో ప్రవాహ ప్రభావాన్ని లెక్కలో తీసివేయవచ్చు.

```
x = x_raw - kx * I
y = y_raw - ky * I
```

ఈ పద్ధతిని చివరి మార్గంగానే చూడాలి. వేగ నియంత్రకం విద్యుత్తును ముక్కలుగా కోసి మోటారుకు పంపుతుంది కనుక తక్కువ వేగంలో మోటారు తీగలోని ప్రవాహం బ్యాటరీ తీగలోని ప్రవాహం కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. బ్యాటరీ ప్రవాహాన్ని మాత్రమే కొలిస్తే గుణకం వేగంతో మారిపోతుంది. డీసీ మోటారు వెనుకకు తిరిగినప్పుడు మోటారు తీగలో ప్రవాహ దిశ మారుతుంది. బ్యాటరీ తీగలో మారదు. అప్పుడు సవరణ దోషాన్ని తగ్గించడానికి బదులు పెంచవచ్చు. కుడి, ఎడమ చక్రాల వేగభేదంతో మలుపు తిరిగే రోవరులో రెండు మోటార్ల ప్రవాహాలు వేరువేరుగా ఉంటాయి కనుక ఒకే గుణకం సాలు చివరి మలుపులో సరిపోదు. ప్రతి మోటారు ప్రవాహాన్ని గుర్తుతో సహా విడిగా కొలిచినప్పుడే ఈ సవరణ నమ్మదగినది.

స్థిర క్రమాంకనం

తీగలు, సెన్సారు స్థానం ఖరారైన తరువాతనే స్థిర క్రమాంకనం చేయాలి. ముందుగా చేసినది సెన్సారు జరిగిన వెంటనే చెల్లకుండా పోతుంది. గుంటక వంటి ఇనుప పనిముట్లను బిగించి, పనిచేసే స్థితిలోనే ఉంచి క్రమాంకనం చేయాలి. బరువైన రోవరును చేతితో అన్ని వైపులకూ తిప్పడం సాధ్యం కాదు కనుక సమతలమైన నేలపై నెమ్మదిగా కుడికి రెండు, ఎడమకు రెండు పూర్తి చుట్లు తిప్పితే చాలు. బోరు గొట్టం, ఇనుప కంచె, షెడ్డు దగ్గరలో ఉండరాదు.

ఒక చుట్టులో X రీడింగు −29 నుండి +55 వరకు, Y రీడింగు −44 నుండి +32 వరకు మారిందనుకుందాం. గరిష్ఠ, కనిష్ఠ విలువల సగటు వృత్త కేంద్రం: X లో +13, Y లో −6. ఇది శాశ్వత అయస్కాంతత్వ ప్రభావం. భేదంలో సగం వ్యాసార్థం: X లో 42, Y లో 38. రెండూ సమానంగా లేకపోవడం ప్రేరిత అయస్కాంతత్వ ప్రభావం. సగటు వ్యాసార్థం 40 కనుక గుణకాలు 40/42, 40/38 అవుతాయి.

```
mx = (x - 13) * 0.952
my = (y + 6) * 1.053
heading = atan2(-my, mx) * 180/pi + D
```

ఇందులో D స్థానిక దిక్పాతం. పడమటి దిక్పాతమైతే ఋణ విలువగా ఇవ్వాలి. ఫలితం ఋణాత్మకంగా వస్తే 360 కలపాలి. సవరించిన X, Y బిందువులను గ్రాఫుపై గుర్తిస్తే కేంద్రం సున్నా వద్ద, వ్యాసార్థం సుమారు 40గా ఉండే వృత్తం రావాలి. వృత్తం బదులు ఏటవాలు దీర్ఘవృత్తం వస్తే రెండు అక్షాలకు విడివిడి గుణకాలు చాలవు. అక్షాల మధ్య మిశ్రమ గుణకం కూడా అవసరం. వ్యాసార్థం 40కి చాలా దూరంగా ఉంటే సమీపంలో ఇనుము ఉన్నదని, లేదా సెన్సారు అక్షాల అమరిక తప్పుగా ఇచ్చారని భావించాలి.

సమతలంపై చేసిన ఈ క్రమాంకనం నిలువు అక్షంలోని దోషాన్ని సరిచేయదు. ఆ అక్షంలో 10 మైక్రోటెస్లా దోషం మిగిలి, గట్టు వాలుపై రోవరు 10 డిగ్రీలు పక్కకు ఒరిగితే, 1.7 మైక్రోటెస్లా క్షితిజ సమాంతర లెక్కలోకి చేరి సుమారు 2.5 డిగ్రీల దోషం కలుగుతుంది. వాలు భూములలో పనిచేసే రోవరుకు ముందువైపు ఎత్తి ఒకసారి, ఒక పక్క ఎత్తి ఒకసారి చుట్లు తిప్పి మూడు అక్షాల క్రమాంకనం చేయవలసి ఉంటుంది.

నిర్ధారణ

చివరగా ఎనిమిది దిక్కుల పరీక్షను, గుంటక నేలలో దిగిన స్థితిలో, తిరిగి చేయాలి. A విలువ మిగిలితే సెన్సారును ఆ మేరకు తిప్పి బిగించాలి. B, C విలువలు మోటార్లు ఆగినప్పుడు కూడా కనిపిస్తే స్థిర క్రమాంకనాన్ని మళ్లీ చేయాలి. నడిచేటప్పుడు మాత్రమే కనిపిస్తే క్రమాంకనాన్ని ఎన్నిసార్లు చేసినా ప్రయోజనం ఉండదు. తీగల వద్దకే తిరిగి వెళ్లాలి. ఒక చుట్టులో రెండుసార్లు మారే దోషం మిగిలితే అక్షాల గుణకాలను సరిచూడాలి. మోటారు, బ్యాటరీ, తీగ లేదా పనిముట్టు మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష అవసరం.

ఇవన్నీ చేసిన తరువాత కూడా పని భారం వద్ద 2 డిగ్రీలకు మించిన దోషం మిగిలితే, ఆ రోవరులో దిశను దిక్సూచితో కాక రెండు యాంటెన్నాల జీపీఎస్‌తో నిర్ణయించడం మేలు. ఆ పద్ధతిపై మోటారు, తీగల అయస్కాంత ప్రభావం ఉండదు. అయితే చెట్ల నీడలో ఉపగ్రహ సంకేతం తెగినప్పుడు దానికీ మరొక ఆధారం కావాలి. అందువల్ల తోట పంటలలో పనిచేసే రోవరుకు సక్రమంగా అమర్చిన మాగ్నెటోమీటరు అవసరం అప్పటికీ మిగిలే ఉంటుంది.